విజయపుర కాదు, విజయవాడ: కన్నడ బోర్డును చివరిదాకా చదవడం గురించి

గుంటూరు నుంచి బెంగళూరుకు ఉన్న దారుల్లో ఒకటి నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు, తాడిపత్రి మీదుగా అనంతపురం చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. ఆ రహదారి మీద దక్షిణంగా వెళ్తే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ ముగుస్తుంది, కొద్ది దూరంలోనే బాగేపల్లి వస్తుంది. బోర్డుల మీద లిపి మారేది ఇక్కడే. కిటికీ పక్కన కూర్చున్న తెలుగు ప్రయాణికుడికి ఆ మార్పు వెంటనే తెలియకపోవచ్చు కూడా, ఎందుకంటే కన్నడ అక్షరాల్లో ఎక్కువ భాగాన్ని అతని కన్ను ఎవరూ నేర్పకుండానే పోల్చుకుంటుంది. జాతీయ రహదారి మీద ఊరి పేర్ల బోర్డుల్లో ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. పల్లెలకు తిరిగే ఎర్రబస్సుల నొసటి బోర్డులు, ఊళ్ళలో గోడల మీద రాసిన హెచ్చరికలు, వీధి మలుపుల్లోని సూచనలు మాత్రం చాలాచోట్ల కన్నడంలోనే ఉంటాయి.

తెలుగు పాఠకుడు కన్నడ బోర్డు ముందు పొరబడేది అక్షరాలు తెలియక కాదు. మాటలో మొదటి సగం తెలిసిన మాటలాగే ఉండడం వల్ల కన్ను అక్కడే తృప్తిపడి ఆగిపోతుంది. కన్నడంలో కాదు, లేదు, వద్దు, ఉంది, వెళ్ళండి వంటి అర్థాలన్నీ మాట చివర చేరతాయి. అంటే బోర్డు చెప్పదలచుకున్న అసలు సంగతి పాఠకుడు చదవడం మానేసిన చోట మొదలవుతుంది. ఈ వ్యాసంలో కన్నడ మాటలను తెలుగు లిపిలోనే, కన్నడ స్పెల్లింగును యథాతథంగా పాటిస్తూ రాయడం జరిగింది. రస్తె, కోటె వంటి మాటల చివర ఉన్న ఎత్వం అచ్చుతప్పు కాదు.

కన్ను ఎందుకు పోల్చుకుంటుందో ముందు చూడాలి. చాళుక్యుల కాలంలో బాదామి వైపు కన్నడ శాసనాలకూ, వేంగి వైపు తెలుగు శాసనాలకూ వాడిన లిపి ఒక్కటే. బెజవాడలో దొరికిన యుద్ధమల్లుని పద్య శాసనం తెలుగు మాటల్లో ఉన్నా, దాని అక్షరాలు ఇప్పటి తెలుగుకు ఎంత దగ్గరో కన్నడానికీ అంతే దగ్గర. ఆ తరువాతి శతాబ్దాలలో రెండు వైపులా రాత క్రమంగా వేరుపడింది, అచ్చు అక్షరాలు వచ్చాక ఆ తేడాలు స్థిరపడిపోయాయి. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తే, కన్నడ తలకట్టు అక్షరం నెత్తిన అడ్డంగా సాగి కుడి చివర వంపు తిరుగుతుంది. ఈ ఒక్క తేడాను మనసులో సర్దుకుంటే గ, డ, ద, మ, య, ర, ల వంటి అక్షరాలు, ఒత్తులు, అనుస్వారపు సున్న దాదాపు వాటంతట అవే తెలుస్తాయి. విడిగా నేర్చుకోక తప్పనివి క, త, శ. కన్నడ ‘క’ నడుమ అడ్డగీత ఉంటుంది. తెలుగు ‘క’ను మనసులో పెట్టుకుని వెదికితే అది ఎప్పటికీ కనబడదు. ‘కర్ణాటక’ అన్న మాట ఆ రాష్ట్రంలోని చాలా సర్కారు బస్సుల మీద ఉంటుంది, అందులో ‘క’ రెండుసార్లు వస్తుంది. ఆ అక్షరాన్ని అక్కడే పట్టుకోవడం సులభం.

అదే మాటలో మరో గుర్తు కూడా కనిపిస్తుంది. దాని గురించి కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి. కన్నడంలో ‘కర్నాటక’ అని రాసేటప్పుడు పొల్లు ‘ర్’ను తెలుగులోలాగా ముందు రాసి ‘న’ను కింద ఒత్తుగా పెట్టరు. ముందు ‘క’, తరువాత ‘నా’, ఆ ‘నా’కు కుడిపక్కన తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తు, ఆ తరువాత ‘టక’ వస్తాయి. తెలుగు అక్షరాల్లో చూపితే అది ‘కనా౯టక’లా ఉంటుంది. గుర్తు అక్షరం తరువాత ఉన్నా, దాని ధ్వనిని అక్షరానికి ముందు పలకాలి. పాత తెలుగు పుస్తకాలు తిరగేసిన వారికి ఇది కొత్తేమీ కాదు. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని అచ్చువేసిన కాలం తెలుగులోనూ ఉంది, దాన్ని వలపలగిలక అనేవారు. వలపల అంటే కుడివైపు. తెలుగు అచ్చు ఆ గుర్తును వదిలేసింది, కన్నడం నిలుపుకుంది. వలపలగిలక తెలియని పాఠకుడు ‘మార్గ’ అన్న మాటను ‘మాగ’ అనీ, ‘చిత్రదుర్గ’ను ‘చిత్రదుగ’ అనీ చదివి, చివర మిగిలిన గుర్తును అంకె అనుకుంటాడు. మార్గ సంఖ్యలు రాసే బస్సు బోర్డు మీద అలా అనుకోవడం సహజమే. అంకెలాంటి గుర్తు మాటకు అతుక్కుని ఉంటే అది ‘ర్’, విడిగా మరో అంకె పక్కన ఉంటే అది తొమ్మిది.

రెండో గుర్తు దీర్ఘానిది. తెలుగులో గుడి, ఎత్వం, ఒత్వం దీర్ఘాలైతే ఆ మార్పు అక్షరం నెత్తి మీదనే జరుగుతుంది. కన్నడంలో హ్రస్వ రూపాన్ని అలాగే ఉంచి, అక్షరానికి కుడిపక్కన విడిగా ఒక దీర్ఘ చిహ్నం పెడతారు. తెలుగు కన్ను దాన్ని అలంకారంగానో, తరువాతి అక్షరంలో భాగంగానో భావించి దాటిపోతుంది. ఊరి పేర్లలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. ‘బాగెపల్లి’ అని చదివినా దిగవలసింది బాగేపల్లిలోనే. నష్టం ‘ఇదె’, ‘ఇదే’ల దగ్గర వస్తుంది. కన్నడంలో ‘ఇదె’ అంటే ఉంది, ‘ఇదే’ అంటే ఇదే. రోడ్డు పక్కన ‘ముందె శాలె ఇదె’ అని ఉంటే ముందు బడి ఉందని అర్థం. దానిని తెలుగు చెవితో ‘ఇదే శాల’ అని విన్నవారు ఎదురుగా ఉన్న కట్టడాన్ని చూస్తారే గాని, మలుపు తరువాత రోడ్డు దాటబోయే పిల్లల కోసం చూడరు.

బాగేపల్లి దాటాక మాటల రూపంలో ఒక క్రమమైన మార్పు కనిపిస్తుంది. బాగేపల్లి కన్నడ బోర్డు మీద కూడా ‘పల్లి’యే. ఆ తాలూకాలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. అక్కడినుంచి దక్షిణంగా చిక్కబళ్ళాపుర దాటి దేవనహళ్ళి చేరేసరికి ‘పల్లి’ కాస్తా ‘హళ్ళి’ అవుతుంది. పదో శతాబ్దం నాటి కన్నడంలో కూడా అది ‘పళ్ళి’యే. ఆ తరువాత కన్నడంలో మాట మొదటి ‘ప’ క్రమంగా ‘హ’గా మారింది, తెలుగులో మారలేదు. అందుకే పాలు హాలయ్యాయి, పులి హులి అయింది, పొగ హొగె అయింది, పేరు హెసరయింది. తెలుగు పాఠకుడు ‘హ’తో మొదలయ్యే అచ్చకన్నడ మాట కనబడినప్పుడల్లా ఆ ‘హ’ స్థానంలో ‘ప’ పెట్టి చూస్తే సగం మాటలు తెలిసిన ముఖాలవుతాయి. బెంగళూరులో ఇంగ్లీషువారు అల్సూరుగా రాసుకున్న పేట కన్నడ బోర్డు మీద ‘హలసూరు’. హలసు అంటే పనస.

ఈ సూత్రానికి పరిమితులూ ఉన్నాయి. ‘హొస’ అంటే కొత్త. ‘పొస’ అని మార్చి చూసినా నేటి తెలుగులో దానికి జంట దొరకదు కాబట్టి దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. హొసకోటె అంటే కొత్తకోట, హొసపేటె అంటే కొత్తపేట, గుంటూరులోనూ విజయవాడలోనూ ఉన్న కొత్తపేటల లాంటిదే. ‘హిందె’ అంటే వెనుక. అది హిందీ గురించిన బోర్డు కాదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలలో ఈ మార్పు జరగలేదు. ప్రవేశ, పుర, ప్రయాణ కన్నడంలోనూ ‘ప’తోనే ఉంటాయి. ఇక ‘హెచ్చరిక’ దగ్గర సంగతి తలకిందులవుతుంది. తెలుగులో ‘హ’ ఉన్న ఈ మాట కన్నడంలో ‘ఎచ్చరికె’.

ఇలాంటివే మరో రెండు మార్పులు ఉన్నాయి. తెలుగు ‘వ’ ఉన్నచోట కన్నడంలో ‘బ’ వస్తుంది. వీధి బీది అవుతుంది, వాకిలి బాగిలు అవుతుంది, వెన్న బెణ్ణె అవుతుంది. చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్ళేవారికి తగిలే ముళబాగిలు పేరులో ఉన్నది తూర్పు వాకిలి. కుడివైపుకు బోర్డుల మీద రాసే ‘బలక్కె’లోని ‘బల’ కూడా వలపలగిలకలోని ‘వల’కు తోబుట్టువే. ఎడమకు ‘ఎడక్కె’ అంటారు, అక్కడ సందేహమే లేదు. తెలుగు ‘చె’ ఉన్నచోట కన్నడం ‘కె’ను నిలుపుకుంది. చెరువు అక్కడ కెరె, చెడు అక్కడ కెడు. బెంగళూరులో చెరువు గట్టున నిలబెట్టిన బోర్డు చివర ‘కెరె’ అని ఉంటే అది ఊరి పేరులో భాగం కాదు, నీళ్ళ పేరు.

బాగేపల్లి విషయంలో ఇటీవలి పరిణామం ఒకటి తెలుగువారికి ప్రత్యేకంగా అవసరం. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం ఆ ఊరి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. తెలుగు ప్రయాణికుడికి భాగ్యనగరం అంటే హైదరాబాదు. పైగా బెంగళూరు నుంచి ఉత్తరంగా హైదరాబాదుకు పోయే రహదారి మీదనే ఈ ఊరు ఉంది. కాబట్టి చిక్కబళ్ళాపుర బస్టాండులో ‘భాగ్యనగర’ అన్న బోర్డు కనబడితే, ఆ బస్సు వెళ్ళేది ఆంధ్ర సరిహద్దు దాకానే అని తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఒక బస్సు బోర్డును మొత్తంగా చదివి చూడవచ్చు. దేవనహళ్ళిలో దిగి విమానాశ్రయానికి గాని, బెంగళూరుకు గాని వెళ్ళాలనుకునే ప్రయాణికుడి ముందు ఒక ఎర్రబస్సు ఆగిందనుకుందాం. పక్కన ‘కర్నాటక సారిగె’ అని ఉంటుంది. సారిగె అంటే రవాణా. మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల లాగా అక్కడ గ్రామాంతర సారిగె, నగర సారిగె, వేగదూత అన్న తరగతులు ఉన్నాయి. రాజహంస, ఐరావత, అంబారి అన్నవి బస్సు రకాల పేర్లు, ఊళ్ళు కావు. నొసటి బోర్డు మీద ‘బెంగళూరు’ అనీ, దాని కింద చిన్న అక్షరాలలో ‘మార్గ’ అని రాసి రెండు మూడు ఊళ్ళ పేర్లూ ఉన్నాయనుకుందాం. ఆ ‘మార్గ’ మన బోర్డుల మీది ‘వయా’. పక్కన ‘తడెరహిత’ అని ఉంటే నాన్‌స్టాప్ అని అర్థం. తడె అంటే అడ్డంకి. ఆ మాట ఉన్న బస్సు మధ్య ఊళ్ళలో ఆగదు కాబట్టి యెలహంకలో దిగవలసినవారు దానిని ఎక్కకూడదు. తెలిసిన ఊరి పేరు చూసి ఎక్కేసి, దిగవలసిన చోటు దాటిపోయాక కండక్టరుతో వాదించే వారికి కనబడకుండా పోయిన మాట తరచుగా ఇదే.

విమానాశ్రయానికి వెళ్ళవలసినవారు వెదకవలసిన మాట ‘విమాన నిల్దాణ’. నిల్దాణ అంటే నిలిచే చోటు. బస్ నిల్దాణ, రైలు నిల్దాణ, విమాన నిల్దాణ అన్నింటిలోనూ అదే మాట. చివరిదాకా చదవాలన్న నియమం ఇక్కడ సరిపోదు, ఎందుకంటే తేడా అంతా ముందున్న మాటలో ఉంది. బస్టాపులోని చిన్న షెడ్డు మీద ‘ప్రయాణికర తంగుదాణ’ అని ఉంటుంది. అంటే ప్రయాణికులు కాసేపు ఆగే నీడ. ‘నిలుగడె’ మాత్రం వేరు. తెలుగు నిలకడకు దగ్గరగా వినిపించే ఈ మాటకు ఆగడం, ఆపడం అని అర్థం. ‘వాహన నిలుగడె’ అంటే బండ్లు ఆపుకొనే చోటు, అంటే పార్కింగ్.

సొంత కారులో వెళ్ళేవారికి మాట చివరి సంగతి మరింత అవసరం. ఒక సందు మొదట్లో ‘ప్రవేశవిల్ల’ అన్న బోర్డు ఉంటుంది. తెలుగు కన్ను ‘ప్రవేశ’ దగ్గర ఆగి, ఇది లోపలికి వెళ్ళే దారి అనుకుంటుంది. నిజానికి అది ‘ప్రవేశ’, ‘ఇల్ల’ కలిసిన మాట. ఇల్ల అంటే లేదు. మధ్య ‘వ’ రెండు మాటల సంధిలో వచ్చిందే. అంటే బోర్డు చెప్పేది ప్రవేశం లేదని. ‘ఇల్ల’ చివర ఉన్న బోర్డు ఏదైనా సరే లేదనే చెబుతుంది. మాట విడిగా ఉన్నప్పటి కంటే సంధిలో కలిసినప్పుడే అది కంటికి దొరకదు, కనుక ‘విల్ల’, ‘యిల్ల’ అన్న తోకలను కూడా గుర్తుంచుకోవాలి. ‘నిల్లిసబారదు’లో చివరి భాగం తెలుగు ‘రాదు’కు సరిజోడు. నిల్లిసబారదు అంటే నిలుపరాదు. ‘కూడదు’ రెండు భాషల్లోనూ ఒకటే. ‘నిల్లిసబేడి’ అంటే నిలపకండి. ఇందులోని ‘బేడి’కి సంకెళ్ళతో సంబంధం లేదు, అది మన ‘వద్దు’ చేసే పని చేస్తుంది.

దీనికి పక్కనే ఉన్న మరో చిక్కు ‘ఇసి’తో ముగిసే మాటలది. ‘నిధానవాగి చలిసి’ అన్న బోర్డును తెలుగువారు చదివితే, వాక్యం మధ్యలో తెగిపోయినట్టు అనిపిస్తుంది. తెలుగులో చేసి, కలిసి, నిలిచి వంటి రూపాలు ఒక పని ముగిసి మరో పని మొదలవుతుందని చెబుతాయి, కాబట్టి చలించి తరువాత ఏం చేయాలని కన్ను కింది పంక్తిలో వెదుకుతుంది. కన్నడంలో ఈ రూపానికి ఆ అర్థం ఉన్నా, బోర్డు మీద పంక్తి చివర వచ్చినప్పుడు అది మర్యాదతో కూడిన ఆజ్ఞ, అంటే మన ‘అండి’. నిధానవాగి చలిసి అంటే నెమ్మదిగా వెళ్ళండి. సహకరిసి అంటే సహకరించండి. ‘నిల్లిసి’ అంటే ఆపండి, ‘నిల్లిసబేడి’ అంటే ఆపకండి. మొదటి రెండు అక్షరాలు రెండింటిలోనూ ఒకటే. తోకను వదిలేసిన పాఠకుడికి పూర్తిగా వ్యతిరేకమైన రెండు ఆజ్ఞలు ఒకేలా కనిపిస్తాయి.

రహదారి హెచ్చరికల్లో మరో రకం పొరపాటు సంస్కృత పదాల వల్ల వస్తుంది. తెలిసిన మాటే కదా అన్న ధీమా ఇక్కడ ఎక్కువ కాబట్టి ఇవి అచ్చకన్నడ మాటల కంటే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. ‘అవసరవే అపఘాతక్కె కారణ’ అన్న నినాదం కర్ణాటక రోడ్ల మీద తరచుగా కనిపిస్తుంది. తెలుగులో అవసరం అంటే కావలసి రావడం, కన్నడంలో అవసర అంటే తొందర. అపఘాత అంటే మనం ప్రమాదం అనేది. తొందరే ప్రమాదానికి కారణం అని బోర్డు చెబుతోంది. కన్నడంలోనూ ‘ప్రమాద’ అన్న మాట ఉంది గాని దానికి పొరపాటు అని అర్థం. అందుకని తెలుగు ప్రయాణికుడు ‘ప్రమాద’ కోసం చూస్తూ ‘అపఘాత వలయ’ అన్న బోర్డును వదిలేయకూడదు. అది ప్రమాదాలు జరిగే ప్రాంతం. ఇక్కడ వలయ అంటే గుండ్రటి గీత కాదు, ప్రాంతం. ‘అపాయకారి తిరువు’ అంటే అపాయకరమైన మలుపు, ‘రస్తె ఉబ్బు’ అంటే స్పీడ్ బ్రేకరు. రోడ్డు ఉబ్బింది అని తెలుగులో అనుకున్నా అర్థం చెడని చక్కని మాట ఇది.

‘ముందె’ అన్న మాటను కూడా ఈ వరుసలోనే చూడాలి. తెలుగులో ముందు అనే మాటకు చోటు విషయంలో ఎదుట అనీ, కాలం విషయంలో అంతకు మునుపు అనీ రెండు అర్థాలు ఉన్నాయి. బస్సులో గాని మెట్రోలో గాని ‘ముందిన నిల్దాణ’ అని ఒక పేరు కనబడితే, ‘ముందటి స్టేషను’ అని తెలుగులో అనుకున్నవారు అది దాటిపోయిందని కంగారుపడవచ్చు. కన్నడంలో అది రాబోయే స్టేషను. దాటిపోయినదాన్ని ‘హిందిన’ అంటారు.

బెంగళూరు చేరాక బోర్డుల స్వభావం మారుతుంది. అక్కడ వీధుల పేర్లకంటే అంకెలు ఎక్కువ. ‘4నే అడ్డరస్తె’ అన్న బోర్డును చూసి రోడ్డుకు అడ్డం పెట్టారని వెనక్కి మళ్ళనక్కరలేదు. అడ్డరస్తె అంటే ప్రధాన వీధిని అడ్డంగా కోసే వీధి, అక్కడివారు మాటల్లో క్రాస్ అనేది. ‘నే’ మన ‘వ’ లాంటిది, 4నే అంటే నాలుగవ. దీర్ఘ చిహ్నం ఇక్కడ కూడా విడిగా పక్కన ఉంటుంది కాబట్టి, అంకెకూ మాటకూ మధ్య చిక్కుకున్న ఈ చిన్న అక్షరం తొలిచూపులో అంకెలాగే అనిపిస్తుంది. ‘ముఖ్య రస్తె’ అంటే మెయిన్. చిరునామాలో మెయిన్ నంబరు, క్రాస్ నంబరు రెండూ ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి చదివితే ఒకే పేటలో గంటసేపు తిరగవలసి వస్తుంది. ‘హొర వర్తుల రస్తె’ అంటే ఔటర్ రింగ్ రోడ్డు. హొర అంటే వెలుపలి, వర్తుల అంటే గుండ్రటి. ఈ మూడు మాటల పేరులో ‘ప’ నుంచి మారిన ‘హ’, వలపలగిలక, ఎత్వంతో ముగిసే ‘రస్తె’ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. ‘మేల్సేతువె’ అంటే ఫ్లైఓవరు.

సిటీ బస్సుల మీద కొన్ని పేర్లను పొడి అక్షరాలుగా రాస్తారు. చిక్కల్లా ఆ పొడి అక్షరాలు ఇంగ్లీషువి కాకపోవడం. జనం నోట కె.ఆర్. మార్కెట్ అయినది బోర్డు మీద ‘కృ.రా. మారుకట్టె’గా ఉండవచ్చు, కె.ఆర్. పురం ‘కృ.రా. పుర’గా ఉండవచ్చు. కృష్ణరాజలోని మొదటి అక్షరాలవి. ‘కె’ కోసం వెదికేవారికి ‘కృ’ కనిపించదు. మెజెస్టిక్ అని అందరూ పిలిచే చోటు పేరు బోర్డు మీద ‘కెంపేగౌడ బస్ నిల్దాణ’.

తిరుగు ప్రయాణంలో రాత్రిపూట విజయవాడ బస్సు కోసం ఆ నిల్దాణలో నిలబడినవారికి, ఇంతవరకు చెప్పిన విషయాలన్నీ ఒక్క మాటలో పరీక్షకు వస్తాయి. కర్ణాటక ప్రభుత్వం 2014 నవంబరు 1న 12 నగరాల పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులను కన్నడ పలుకుబడికి తగినట్టు మార్చినప్పుడు, బిజాపుర్ అధికారికంగా విజయపుర అయింది. అది ఉత్తర కర్ణాటకలో మహారాష్ట్ర వైపు ఉన్న నగరం. దేవనహళ్ళి తాలూకాలో విజయపుర అన్న చిన్న పట్టణం మరొకటి ఉంది. బెంగళూరు నగరంలోనే విజయనగర అన్న పేట ఉంది, హొసపేటె కేంద్రంగా ఉన్న జిల్లా పేరు కూడా విజయనగరే. అంటే ‘విజయ’ అన్న మూడు అక్షరాలతో మొదలయ్యే బోర్డులు కనీసం నాలుగు వేర్వేరు దిక్కులకు పోవచ్చు. ‘వి’, ‘జ’, ‘య’ మూడూ తెలుగు కంటికి సులువుగా అందే అక్షరాలు కావడంతో, అవి కనబడగానే ప్రయాణికుడు సామాను ఎత్తుకుంటాడు. చూడవలసింది నాలుగో అక్షరం. తెలుగులోలాగే కన్నడంలోనూ ‘ప’, ‘వ’ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి. దుమ్ము పట్టిన బోర్డు మీద, పసుపు దీపం కింద వాటిని విడదీయడం కష్టం. కాబట్టి ఆ అక్షరానికి అంటిన గుర్తును చూడాలి. కొమ్ము కిందికి తిరిగి ఉంటే ‘పు’, దాని తరువాత ‘ర’. దీర్ఘం ఉంటే ‘వా’, దాని తరువాత ‘డ’.

అప్పటికీ సందేహం ఉంటే కింది పంక్తిలో ‘మార్గ’ అన్న మాట పక్కన ఉన్న ఊళ్ళను చదవాలి. ఉత్తరాది విజయపురకు పోయే బస్సుకు ‘చిత్రదుర్గ’, ‘హొసపేటె’ రాసి ఉంటాయి. మొదటిదానిలో ‘గ’ తరువాత తొమ్మిదిలాంటి వలపలగిలక ఉంటుంది. ‘కోలార’, ‘ముళబాగిలు’, ‘చిత్తూరు’ ఉంటేనో, ‘చిక్కబళ్ళాపుర’, ‘అనంతపుర’ ఉంటేనో ఆ బస్సు మన వైపు వచ్చేది. అనంతపుర పక్కన సున్న లేకపోవడం చూసి అది వేరే ఊరని అనుకోనక్కరలేదు. తెలుగు పురం, నగరం, మార్గం సరిహద్దు అవతల పుర, నగర, మార్గ అవుతాయి.